పాత పాస్‌వర్డ్ మార్చకుండా వైఫైని పెరటి గది దాకా తీసుకెళ్లాలంటే ఏ దారి మేలు?

నరసన్నపేటలో మా చిన్నాన్న ఇల్లు వీధి నుంచి పెరడు దాకా ఒకే వరసలో సాగుతుంది. ముందు వరండా, తర్వాత టీవీ ఉన్న హాలు, దాని వెనక నడిమి గది, వంటగది, చివర పెరటి గది. ఫైబర్ పెట్టె, అంటే ఇంటికి వైఫై ఇచ్చే రౌటర్, హాల్లో టీవీ పక్కన గోడకు బిగించి ఉంది. వాళ్ల గుంటడు చదువుకునేదేమో పెరటి గదిలో. మధ్యలో మూడు గోడలు, వాటిలో రెండు పాతకాలపు మందపాటి ఇటుక గోడలు. హాల్లో 90 ఎంబీపీఎస్ దాటి వచ్చే నెట్ పెరటి గదికి చేరేసరికి 5కి పడిపోయేది. వీడియో క్లాసు మొదలైన కాసేపటికే సారు బొమ్మ బిగుసుకుపోయేది.

ఎక్స్‌టెండర్ పెడదామంటే చిన్నాన్న సరేనన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "పాస్‌వర్డ్ మాత్రం మార్చకురా. మళ్లీ అందరి ఫోన్లలోనూ కొట్టడం నా వల్ల కాదు." కూర్చుని లెక్కపెడితే ఆ పాస్‌వర్డ్ తెలిసినవి 14 తేలాయి. ఇంట్లో వాళ్ల ఫోన్లు, టీవీ, ప్రింటరు, పండక్కి వచ్చే ఆడపడుచుల ఫోన్లు, అన్నిటికన్నా మొండిది గేటు మీది కెమెరా. దానికి కొత్త పాస్‌వర్డ్ చెప్పాలంటే నిచ్చెన వేసుకుని వెనకనున్న చిన్న బటన్ నొక్కాలి.

ఇలాంటి ఇంటికి నాలుగు దారులున్నాయి. ఎక్స్‌టెండర్‌కి రౌటర్ పేరే పెట్టడం ఒకటి. పాస్‌వర్డ్ అదే ఉంచి పేరు మాత్రం వేరేది పెట్టడం రెండోది. మూలన పడున్న పాత రౌటర్‌ని తీగతో కలిపి వాడుకోవడం మూడోది. రెండు పెట్టెలు కలిసి ఒకే వైఫైలా పనిచేసే మెష్ జత కొనడం నాలుగోది. నాలుగింటిలోనూ పాత పాస్‌వర్డ్ ఉంచుకోవచ్చు. తేడా అంతా మిగతా విషయాల్లో వస్తుంది.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

పాస్‌వర్డ్ ఒకటే అయితే ఫోన్ దానంతటదే కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. ఫోన్ గుర్తుపెట్టుకునేది మూడింటిని: నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, భద్రత రకం. మూడూ కలిస్తేనే అది తనకు తెలిసిన వైఫై అనుకుంటుంది. పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వచ్చినా, చివర ఒక ఖాళీ ఎక్కువ పడినా దానికి కొత్త నెట్‌వర్కే. చిన్నాన్న ఇంట్లో పాత పేరు `Sri_Nilayam`. నేను తొందరలో ఎక్స్‌టెండర్‌లో `Sri_nilayam` అని కొట్టాను. కెమెరా అటువైపు కన్నెత్తి చూడలేదు. తప్పెక్కడో కనిపెట్టడానికి అరగంట పట్టింది.

ఇంకో తికమక కూడా ముందే వదిలించుకుందాం. ఎక్స్‌టెండర్ సెట్టింగుల పేజీ తెరవడానికి విడిగా ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. అది తాళంచెవి మాత్రమే, వైఫై పాస్‌వర్డ్‌తో దానికి సంబంధం లేదు. అది ఏదైనా పెట్టుకోండి, కాగితం మీద రాసి ఉంచుకోండి.

ఇక మీరు తేల్చుకోవాల్సినవి నాలుగు. పాస్‌వర్డ్ మార్చడానికి లొంగని కెమెరా, టీవీ లాంటి వస్తువులు ఎన్ని ఉన్నాయి? దూరపు గదిలో కూర్చుని వాడతారా, ఫోన్లో మాట్లాడుతూ ఇల్లంతా తిరుగుతారా? హాలు నుంచి ఆ గదికి తీగ లాగే వీలుందా? రేపు ఏదైనా మారితే సరిచేసే మనిషి ఇంట్లో ఉన్నాడా, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్నాడా?

| | ఎక్స్‌టెండర్, అదే పేరు | ఎక్స్‌టెండర్, వేరే పేరు | తీగతో పాత రౌటర్, అదే పేరు | మెష్ జత |
|---|---|---|---|---|
| పాత ఫోన్లలో మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలా | అక్కర్లేదు | ఒక్కో దాంట్లో ఒక్కసారి | అక్కర్లేదు | పాత పేరే పెడితే అక్కర్లేదు |
| దూరపు గదిలో వేగం | సగం, ఒక్కోసారి ఇంకా తక్కువ | అంతే | దాదాపు పూర్తిగా | మధ్యస్థం నుంచి బాగు |
| నడుస్తూ మాట్లాడితే | ఫోన్ ఇష్టం | మీరే మార్చుకోవాలి | ఫోన్ ఇష్టం | అన్నిటికన్నా నయం |
| రౌటర్ పాస్‌వర్డ్ మారిస్తే | ఎక్స్‌టెండర్‌కీ చెప్పాలి | ఎక్స్‌టెండర్‌కీ చెప్పాలి | రెండో దాంట్లోనూ మార్చాలి | ఒకచోట మారిస్తే చాలు |
| శ్రమ | పది నిమిషాలు | పది నిమిషాలు | ఒక పూట | ఒక గంట |

## ఎక్స్‌టెండర్‌కి అదే పేరు, అదే పాస్‌వర్డ్

ఎక్కువమందికి సరిపోయేదీ, ఎక్కువమంది తప్పుగా పెట్టేదీ ఇదే.

కలపడానికి రెండు మార్గాలు. రౌటర్ మీద WPS అని బటన్ ఉంటే అది నొక్కి, రెండు నిమిషాల లోపు ఎక్స్‌టెండర్ మీది అదే బటన్ నొక్కాలి. పేరు, పాస్‌వర్డ్ రెండూ రౌటరే అందిస్తుంది, మీరేమీ కొట్టక్కర్లేదు. పాస్‌వర్డ్ మర్చిపోయిన ఇళ్లలో ఇదే వరం. కాకపోతే కొన్ని ఫైబర్ పెట్టెల్లో ఈ సౌకర్యాన్ని ఆపి ఇస్తారు. రౌటర్ పేరును దాచిపెట్టినా, భద్రతను WPA3 ఒక్కదానికే పరిమితం చేసినా ఇది పనిచేయదు.

బటన్ పనిచేయకపోతే ఎక్స్‌టెండర్‌ని రౌటర్ ఉన్న గదిలోనే ప్లగ్గులో పెట్టండి. కాసేపటికి అది తన సొంత పేరుతో ఒక వైఫై చూపిస్తుంది. ఫోన్‌ని దానికి కలిపే ముందు మొబైల్ డేటా ఆపండి. ఆ వైఫైలో ఇంకా నెట్ ఉండదు కాబట్టి ఫోన్ దాన్ని వదిలేసి డేటా వైపు జారిపోతుంది, సెట్టింగుల పేజీ ఎంతకీ తెరుచుకోదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి పెట్టె వెనక్కిచ్చేస్తారు. పేజీ తెరిచాక చుట్టుపక్కల వైఫైల జాబితాలో మీది ఎంచుకుని, పాత పాస్‌వర్డ్ కొట్టాలి.

ఆ తర్వాతి తెరను మాత్రం చదవకుండా దాటొద్దు. ఎక్స్‌టెండర్ తన వైఫైకి ఏ పేరు పెట్టాలో అక్కడే అడుగుతుంది. కొన్ని రకాలు రౌటర్ పేరుకి `_EXT` తగిలించి చూపిస్తాయి. ఆ తోక తీసేసి, రౌటర్ పేరును ఉన్నదున్నట్టు ఉంచాలి. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న ఎక్స్‌టెండర్ అయితే రెండు పేర్లూ చూసుకోండి, ఒకదానికి తోక మిగిలిపోతుంటుంది. భద్రత రకం రౌటర్‌లో ఏముందో అదే, సాధారణంగా `WPA2-PSK (AES)`. పాత పెట్టెల్లో `TKIP` అని ఉంటే మార్చేయండి. దానితో వేగం 54 ఎంబీపీఎస్ గీత దాటదు, చేతికి అందేది అందులో సగం.

పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదా? ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై సెట్టింగుల్లో `Share` నొక్కితే క్యూఆర్ కోడ్‌తో పాటు చాలా ఫోన్లలో కింద పాస్‌వర్డ్ కూడా కనిపిస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ ఆదేశం చాలు, `Key Content` అన్న వరసలో ఉంటుంది:

```
netsh wlan show profile name="Sri_Nilayam" key=clear
```

ఇక ఎక్కడ పెట్టాలన్నది. మా చిన్నాన్న మొదటి రోజే ఎక్స్‌టెండర్‌ని పెరటి గదిలో, గుంటడి బల్ల పక్కనే పెట్టించాడు. ఫోన్లో గీతలన్నీ నిండాయి. వేగం చూస్తే 6. "ఏట్రా ఇది, గీతలన్నీ ఉన్నాయి కదా, బొమ్మ కదలదేటి?" అన్నాడు. ఆ గీతలు ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య దూరాన్ని చెబుతాయి. ఎక్స్‌టెండర్‌కి రౌటర్ ఎంతమేరకు వినిపిస్తోందో అవి చెప్పవు. పొలంలో ఉన్న వాడి కేక విని ఇంటివైపు మళ్లీ కేకేసే మనిషి గట్టు మీద నిలబడాలి. ఇంటి అరుగు మీద కూర్చుంటే అతనికే సగం మాటలు వినపడవు.

అందుకే ఫోన్లో వైఫై అనలైజర్ లాంటి యాప్ వేసుకుని ప్రతి గదిలోనూ రౌటర్ బలం చూశాను. సున్నాకి దగ్గరయ్యే కొద్దీ మంచిది. హాల్లో -45, నడిమి గది వెనక గోడ దగ్గర -62, పెరటి గదిలో -79 వచ్చింది. ఎక్స్‌టెండర్ ఉండాల్సింది -60 నుంచి -65 మధ్య దొరికే చోట. -70 దాటాక పెడితే లాభం లేదు. నడిమి గదిలోకి మార్చగానే పెరటి గదిలో 24 ఎంబీపీఎస్ వచ్చింది.

90లో 24 ఏమిటంటారా? అది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్న చవక రకం. ఒకే రేడియోతో రౌటర్ మాట వినాలి, అదే రేడియోతో మళ్లీ చెప్పాలి. ప్రతి మాటా గాలిలోకి రెండుసార్లు వెళ్తుంది కాబట్టి వేగం సగానికి పడుతుంది. దానికి తోడు పక్కింటి వైఫైల గోల. నెల తిరిగాక రెండు బ్యాండ్ల రకం తెచ్చాం. అది రౌటర్‌తో 5లో మాట్లాడుతూ ఫోన్లకు 2.4లో అందిస్తుంది. అదే ప్లగ్గులో 41 వచ్చింది. వీడియో క్లాసుకి 24 కూడా చాలును, కానీ అదే సమయంలో ఇంకో ఫోన్లో సినిమా నడిస్తే చాలదు. చవక రకానికీ దీనికీ ధర తేడా మరీ పెద్దది కాదు, కొనేవాళ్లు రెండు బ్యాండ్లదే కొనడం మంచిది.

ప్లగ్గు ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూడండి: అది ఇన్వర్టర్ లైన్లో ఉందా? రౌటర్ ఇన్వర్టర్ మీద, ఎక్స్‌టెండర్ మామూలు లైన్ మీద ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ పెరటి గదికి మాత్రమే నెట్ పోతుంది. బీరువా వెనక, ఫ్రిజ్ పక్కన కూడా వద్దు.

ఈ దారిలో ఉన్న చిక్కల్లా ఒకటే. పేరు ఒకటే కాబట్టి రౌటర్‌కి అంటుకోవాలా, ఎక్స్‌టెండర్‌కి అంటుకోవాలా అన్నది ఫోన్ తేల్చుకుంటుంది. హాల్లో కలిసిన ఫోన్ పెరటి గదిలోకి వచ్చినా పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. ఐఫోన్లు బలం -70కి పడిపోయాకే వేరేదాన్ని వెతుకుతాయని ఆపిల్ చెబుతుంది. మిగతా ఫోన్లు ఎవరి తీరు వాళ్లది. ఒకసారి వైఫై ఆపి పెడితే దగ్గరిదానికి కలుస్తుంది. ల్యాప్‌టాప్ దేనికి అంటుకుందో తెలియాలంటే:

```
netsh wlan show interfaces
```

`BSSID` అని ఉన్న వరస రౌటర్ దగ్గర ఒకలా, ఎక్స్‌టెండర్ దగ్గర ఇంకోలా ఉంటుంది. నడిచి వచ్చాక ఆ వరస మారకపోతే ఇంకా హాలునే పట్టుకుని ఉన్నట్టు.

## అదే పాస్‌వర్డ్, పేరు వేరు

దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు గానీ నాకు ఇష్టమైన పద్ధతి. `Sri_Nilayam_PERADU` అని పేరు పెట్టామనుకోండి, పెరటి గదిలో కూర్చునేవాళ్లు ఒక్కసారి ఆ పేరు ఎంచుకుని పాత పాస్‌వర్డే కొడతారు. కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సింది లేదు. హాల్లోని టీవీ, గేటు కెమెరా పాత పేరుతోనే ఉంటాయి, పొరపాటున దూరపు ఎక్స్‌టెండర్‌కి అంటుకోవు. నెట్ ఆగితే తప్పు రౌటర్‌దా, ఎక్స్‌టెండర్‌దా అన్నది పేరు చూస్తేనే తెలుస్తుంది. కొడుకు ఫోన్లో హైదరాబాద్ నుంచి "నాన్నా, పైన ఏ పేరుంది?" అని అడిగి సగం రోగం కనిపెట్టేయొచ్చు.

తిరుగుతూ మాట్లాడేవాళ్లకు, పెద్దవాళ్లకు ఇది సరిపడదు. వంటగదికి వెళ్లినప్పుడల్లా పేరు మార్చుకోమంటే మా పిన్ని ఫోన్ బల్ల మీద పెట్టేస్తుంది.

నేను ఎవరింట్లో పెట్టినా మొదటి రెండు రోజులు వేరే పేరుతోనే ఉంచుతాను. చోటు సరిగ్గా కుదిరిందో లేదో అప్పుడే తేలుతుంది. కుదిరాక సెట్టింగుల్లోకి వెళ్లి పేరు మార్చి రౌటర్ పేరు పెట్టేస్తాను. మొదటి రోజే ఒకే పేరు పెట్టేస్తే మీరు కొలుస్తున్న వేగం దేనిదో మీకే తెలియదు.

## తీగ, పాత రౌటర్

పాత కనెక్షన్ మార్చినప్పుడు మిగిలిపోయిన రౌటర్ చాలా ఇళ్లలో ఉంటుంది. దాన్ని పెరటి గదిలో పెట్టి హాల్లోని ఫైబర్ పెట్టె నుంచి నెట్‌వర్క్ తీగ లాగితే వేగం సగమవడమన్న మాటే ఉండదు. చిన్నాన్న ఇంట్లో ఆ పెరటి గదిలోనే పరీక్షగా తీగను నేల మీద పరిచి చూస్తే 92 వచ్చింది. ముప్పై మీటర్ల తీగ ఖరీదు మంచి ఎక్స్‌టెండర్ కన్నా తక్కువే.

సెట్టింగుల్లో `Access Point` అన్న మోడ్ ఉంటే అది ఎంచుకుంటే సరి. లేకపోతే చేత్తో ఇలా పెట్టాలి, మెయిన్ రౌటర్ `192.168.1.1` అనుకుంటే:

```
LAN IP:       192.168.1.2
DHCP Server:  Disable
SSID:         Sri_Nilayam
Security:     WPA2-PSK (AES)
Channel:      11
```

ఆ `192.168.1.2` మెయిన్ రౌటర్ ఫోన్లకు పంచే సంఖ్యల వరసకు బయట ఉండాలి. తీగను పాత రౌటర్ వెనక WAN రంధ్రంలో కాకుండా LAN రంధ్రంలో పెట్టండి. ఛానెల్ మెయిన్ రౌటర్‌ది 1 అయితే దీనికి 6 గానీ 11 గానీ ఇవ్వాలి.

DHCP ఆపడం మర్చిపోవడమే ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. అప్పుడు ఇంట్లో చిరునామాలు పంచే పెద్దలు ఇద్దరవుతారు. ఒక ఫోన్‌కి నెట్ వస్తుంది, పక్క ఫోన్‌కి వైఫై కలిసినా "ఇంటర్నెట్ లేదు" అంటుంది, కాసేపటికి తారుమారవుతుంది. ఇలా వంతులవారీగా రోగం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

తీగ విషయంలో రాగితీగే అడగండి, రాగి పూత పూసిన అల్యూమినియం వద్దు. సన్‌షేడ్ మీదుగా బయట లాగాల్సి వస్తే బయటి వాడకానికి చేసిన నల్ల తీగ కావాలి. లోపలి తీగ పైతొడుగు మన ఎండకు పగిలిపోతుంది. ఎనిమిది తీగల్లో నాలుగే సరిగ్గా తగిలినా నెట్ వస్తుంది, కానీ 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి పెద్ద ప్లాన్ ఉన్నవాళ్లు వేగం కొలిచాకే పనివాడికి డబ్బులివ్వండి.

చిన్నాన్న చివరికి తీగ వద్దన్నాడు. నడిమి గదికి కొత్తగా రంగులేయించారు, గోడకు కన్నం పెట్టనివ్వలేదు.

## మెష్

రెండంతస్తుల ఇల్లు, ఆరేడు గదులు, ఇల్లంతా తిరుగుతూ వీడియో కాల్స్ మాట్లాడే ఉద్యోగం ఉంటే మెష్ జతకు డబ్బు పెట్టొచ్చు. పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఫోన్‌ని దగ్గరిదాని వైపు నెడతాయి. పాత పేరు, పాత పాస్‌వర్డ్ మెష్‌కి ఇచ్చి, ఫైబర్ పెట్టెలోని వైఫైని ఆపేయాలి. ఆపకపోతే ఒకే పేరుతో రెండు వేర్వేరు వైఫైలు పోటీ పడతాయి. ఒక్క పెరటి గది కోసమైతే ఇది అనవసరం.

## ఎవరికి ఏది

విజయనగరంలో అద్దెకుండేవాళ్లు, గోడ ముట్టుకోకూడనివాళ్లు రెండు బ్యాండ్ల ఎక్స్‌టెండర్‌తో సరిపెట్టుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లే ఉంటే అదే పేరు, ఒక గదిలో కదలకుండా కూర్చుని పనిచేసుకునేవాళ్లైతే వేరే పేరు. సొంత ఇల్లు, ఇంటి నుంచి ఉద్యోగం ఉన్నవాళ్లు ఒక ఆదివారం తీగకు కేటాయించండి. కొత్తగా ఇల్లు కట్టుకుంటుంటే స్లాబ్ వేసేటప్పుడే ప్రతి గదికీ ఒక పైపు వదిలిపెట్టించండి. అప్పుడు ఈ వ్యాసంలో మూడో దారి తప్ప మిగతావి మీకు అక్కర్లేదు.

రౌటర్‌లో MAC ఫిల్టర్ పెట్టుకున్నవాళ్లు మాత్రం జాగ్రత్త. చాలా ఎక్స్‌టెండర్లు ఫోన్ చిరునామాను మార్చి రౌటర్‌కి చూపిస్తాయి. పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా రౌటర్ లోపలికి రానివ్వదు. ఆ కొత్త చిరునామాలను కూడా జాబితాలో చేర్చాలి.

## తర్వాత ఏదైనా మారితే

ఎప్పుడో ఒకరోజు పాస్‌వర్డ్ మార్చక తప్పదనుకోండి. రౌటర్‌లో మార్చిన మరుక్షణం ఎక్స్‌టెండర్ దాని నుంచి తెగిపోతుంది, కానీ తన వైఫైని పాత పేరు, పాత పాస్‌వర్డ్‌తో పంచుతూనే ఉంటుంది. ఫోన్లు హాయిగా కలుస్తాయి, నెట్ ఉండదు. ఎక్స్‌టెండర్ మీద ఎర్ర లైటు, ఫోన్లో నిండు గీతలు కనిపిస్తే ఇదే సంగతి. పాత పాస్‌వర్డ్‌తో ఎక్స్‌టెండర్‌కే కలిసి, సెట్టింగుల పేజీ తెరిచి, కొత్త పాస్‌వర్డ్ చెప్పాలి. పేజీ తాళంచెవి పోతే పిన్నుతో రీసెట్ రంధ్రాన్ని పది సెకన్లు నొక్కి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఫైబర్ పెట్టే మారితే మాత్రం పని ఇంతకన్నా తేలిక. మొన్న పిడుగుల వానకి చిన్నాన్న ఇంట్లో పెట్టె కాలిపోయింది. ఆపరేటర్ మనిషి కొత్తది పెట్టి, దాని మీది స్టిక్కర్ చూపించి వెళ్లిపోయాడు. గుంటడు నాకు ఫోన్ చేశాడు. కొత్త పెట్టె సెట్టింగుల్లో పాత పేరు, పాత పాస్‌వర్డ్, `WPA2-PSK (AES)` పెట్టమన్నాను. "పెద్ద S, గీత, పెద్ద N" అని అక్షరం అక్షరం చెప్పించుకుని కొట్టాడు. ఎక్స్‌టెండర్ లైటు ఎర్ర నుంచి పచ్చకు మారిందన్నాడు. ఇంకో నిమిషానికి గేటు కెమెరాలో వీధి కనిపించింది. నిచ్చెన తీయలేదు.